జాడీ దాచేసేది

నాలుగు రోజులుగా గొంతులో ముల్లులా ఉంది. ఇవాళ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆదివారం నా స్నేహితురాలు మా హాస్టల్ గ్రూపులో ఆవకాయ జాడీ ఫోటో పెట్టింది. వాళ్ళమ్మ లేకుండా పెట్టిన మొదటి ఆవకాయ. నేను క్షణం ఆలోచించకుండా "మీ అమ్మ చూస్తే జాడీ లాక్కుని లోపల దాచేసేది" అని రాసి, పక్కన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మ పెట్టాను. ఇంకో ఇద్దరు కూడా నవ్వు బొమ్మలు పెట్టారు. అరగంట తర్వాత చూస్తే ఫోటో డిలీట్ చేసి ఉంది. విడిగా మెసేజ్ చేసి ఏమైందని అడిగితే, "మా అమ్మ చూస్తే సిగ్గుపడి దాచేసేదని అందరి ముందూ అనాలా?" అంది.

నేనన్నది దానికి పూర్తిగా తిరగేసి! సెకండియర్ సెలవుల్లో ఆరుగురం వాళ్ళింటికి వెళ్ళాం. మధ్యాహ్నం కంచాల ముందు కూర్చుంటే వాళ్ళమ్మ జాడీకి కట్టిన వాసెన గుడ్డ విప్పి, వేడన్నంలో కలిపి, ముద్దలు చేసి చేతుల్లో పెట్టింది. ముద్ద మీద వెన్న. రెండు రోజులు అదే భోజనం. మూడో రోజు జాడీ కనబడలేదు. వెతికితే బియ్యం బస్తా వెనకాల దొరికింది. "ఈ రాక్షసులకి చూపిస్తే సంక్రాంతి దాకా కాదు, శ్రావణం దాకా కూడా రాదు" అని ఆవిడ మమ్మల్ని తరిమింది. తరుముతూనే మళ్ళీ గరిటెడు వేసింది. నా మనసులో ఉన్నది ఆ జాడీ. అంత బాగుందే నీ ఆవకాయ, అని చెప్పడమే నా ఉద్దేశం.

అందుకే ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ స్నేహంలో నేను వాళ్ళమ్మని కించపరుస్తానని ఎలా అనుకుంటుంది? "నువ్వు తప్పుగా అర్థం చేసుకున్నావే, సరదాకి అన్నాను" అని రాశాను. "సరేలే" అని వచ్చింది. తన "సరేలే" నాకు తెలియనిది కాదు, తలుపు మూసేసినట్టే. అయినా ఆగకుండా "నీకు అలా అనిపించి ఉంటే సారీ" అన్నాను. దానికి జవాబే లేదు. సోమ, మంగళవారాలు అంట్లు తోముతున్నా, ఆఫీసు బస్సులో ఉన్నా అదే గొణుగుడు. నా మాట మంచిదైనప్పుడు క్షమాపణ నేనెందుకు చెప్పాలి? ఇంట్లో ఆయన "పోనీ ఫోన్ చెయ్" అంటే ఆయన మీదా విసుక్కున్నాను.

ఇప్పుడు పైన రాసింది చదువుకుంటే, నా రెండు మెసేజుల్లోనూ తను ఎక్కడుందా అని వెతుక్కోవాల్సి వస్తోంది. మొదటి దాంట్లో తప్పు తనకి అంటగట్టాను. రెండో దాంట్లో "అనిపించి ఉంటే" అన్నాను. అనిపించిందని తను చెప్పాక కూడా. బియ్యం బస్తా వెనకాల జాడీ నా తలలో ఉంది కానీ నేను రాసిన వాక్యంలో లేదు. "దాచేసేది" అంటే మురిసిపోయి దాచడమూ అవుతుంది, సిగ్గుతో దాచడమూ అవుతుంది.

సాయంత్రం ఫోన్ చేశాను. ఈసారి ముందు జాడీ కథ ఎత్తలేదు. "నా మాట నీకు బాగా తగిలింది. అదీ అందరి ముందు. అది నా వల్లే. నీకు ఏమనిపించిందో చెప్పు, నేను మధ్యలో మాట్లాడను" అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి తేలలేదట. ఉప్పు తగ్గిందేమో, బూజు పడుతుందేమో అని రెండు రాత్రులు జాడీ మూత తీసి చూసుకుందట. అమ్మ ఉంటే ఒక్క ముక్క నోట్లో వేసుకుని చెప్పేసేది, ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు అంది. ఆ భయంతో ఉన్నప్పుడు నా వాక్యం కంటపడితే ఇంకెలా అర్థమవుతుంది?

తను పూర్తి చేశాకే అడిగాను, నేను ఏమనుకుని రాశానో చెప్పనా అని. ఊఁ అంది. బస్తా సంగతి చెప్పాను. తన గొంతు మారింది, ఆ వాసెన గుడ్డ ఇంకా తన దగ్గరే ఉందంది. "ఇప్పుడు అర్థమైందే. కానీ ఆ రాత్రి ఏడ్చింది ఏడ్చినట్టే కదా" అంది.

"కానీ నేను..." అని నోటిదాకా వచ్చింది. మింగేసి, "అవును, ఏడ్చింది ఏడ్చినట్టే" అన్నాను.

గ్రూపులో నేనే వివరంగా రాయనా అని అడిగాను. అందరి ముందు తగిలిన మాట కదా, అందరి ముందే సరిచేద్దామని. వద్దంది. అమ్మ సంగతి మళ్ళీ అక్కడ కదపొద్దంది. నాకు రాయాలనే ఉంది, అయినా రాయను.

పెట్టేసే ముందు ఉప్పు గురించి అడిగింది. మా అత్తగారు పక్కనే ఉన్నారు, ఫోన్ ఆవిడకిచ్చాను. ఒక ముక్క తిని చూడమన్నారు. తిన్న చప్పుడు ఇక్కడికి వినబడింది.