సీసీలో ఎవరు, బీసీసీలో ఎవరు: నా అనుభవం

విజయవాడలో ఒక చిన్న పన్ను సలహాదారుల కార్యాలయంలో పనిచేస్తున్నాను. మా క్లయింట్లలో చాలామందికి ప్రతి నెలా 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ అనే పన్ను రిటర్ను దాఖలు చేయాలి. అందుకే 10వ తేదీ దాటిందంటే బిల్లుల కోసం మెయిళ్లు రాయడమే నా పని. ఒక బట్టల వ్యాపారి 18వ తేదీ వస్తే గానీ కొనుగోలు బిల్లులు పంపరు. ఒకసారి ఆయనకు మర్యాదగానే గుర్తుచేస్తూ రాశాను. నేను అడిగిన సంగతి మా సార్‌కు తెలియాలని ఆయన పేరు బీసీసీలో పెట్టాను.

సార్ ఫోనులో చూసుకుని, నాకే జవాబిస్తున్నాననుకుని రిప్లై ఆల్ నొక్కారు: "ఈయనతో ప్రతి నెలా ఇదే గోల." బీసీసీలో ఉన్నవారి పేరు ఇతరులకు కనబడదు. వారికి మాత్రం అవతలివారి చిరునామాలు కనబడతాయి, రిప్లై ఆల్ కొడితే జవాబు నేరుగా వాళ్లకు వెళుతుంది. పది నిమిషాల్లో వ్యాపారి ఫోను చేశారు. "గోల సంగతి సరేనండీ, మీరు నాకు రాసిన ఉత్తరం మీ సార్ చాటుగా ఎందుకు చదువుతున్నారు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి సార్‌కు తెలియాల్సినవి ముందు క్లయింటుకు పంపి, ఆ తర్వాత పంపిన మెయిల్‌నే ఆయనకు విడిగా ఫార్వర్డ్ చేస్తున్నాను. ఆయన ఏం విసుక్కున్నా నా దగ్గరే ఆగుతుంది. పైగా బీసీసీలో ఉన్నవారికి క్లయింటు ఇచ్చే జవాబు చేరదు. వ్యవహారం చివరిదాకా సార్ చూడాలంటే పేరు బాహాటంగా సీసీలోనే ఉండాలి.

క్లయింటు వైపు సీసీ ఇంకా సున్నితం. గుమస్తా బిల్లులు పంపలేదని యజమానిని సీసీలో చేర్చితే అది చాడీ కిందే లెక్క. ముందు గుమస్తాకు ఫోను చేసి, "రేపు సాయంత్రానికి రాకపోతే అయ్యగారికి కూడా పంపుతానండీ" అని చెబుతాను. సాధారణంగా మధ్యాహ్నానికే వచ్చేస్తాయి.

కొత్త పేరు చేర్చేముందు మెయిల్‌ను అడుగుదాకా చదవడం కూడా అలవాటు చేసుకున్నాను. ఒక రవాణా ఏజెంటును చేర్చబోతూ కిందికి వెళ్లి చూస్తే, మూడు మెయిళ్ల అడుగున క్లయింటు సరకు కొన్న ధరలు ఉన్నాయి. దాన్ని వదిలేసి ఆయనకు వేరే మెయిల్ రాశాను.

నా లెక్కలో బీసీసీకి న్యాయమైన చోటు ఒకటే, గడువు తేదీల గురించి క్లయింట్లందరికీ ఒకేసారి పంపే ప్రకటన. టు దగ్గర మా కార్యాలయం చిరునామా, బీసీసీలో మిగతా నలభై మంది. అవే సీసీలో పెడితే ఒకే వీధిలో పోటీపడే ఇద్దరు కొట్టువాళ్లకు తమ లెక్కలు ఒకే చోట ఉన్నాయని తెలిసిపోతుంది. ఈ మెయిల్‌కు చిరునామాలు అన్నిటికన్నా చివర నింపుతాను, పొరపాటున ముందే వెళ్లిపోకుండా.

ఆ బట్టల వ్యాపారి ఇప్పటికీ మా క్లయింటే, బిల్లులు ఇప్పటికీ 18నే వస్తాయి. నేను ఎప్పుడు గుర్తుచేసినా ఆయన జవాబులో మొదటి వాక్యం ఒకటే: "సార్‌కు కూడా నమస్కారాలు."