కలగలిసిన వాక్యాలు: నన్ను ఆపేసింది ‘ఆయన’ కాదు, ‘ఆ పంపు’

కలగలిపి ఇచ్చిన ఈ ఆరు వాక్యాలను సరైన వరుసలో పెట్టాలి. ఆ వరుస ఇప్పుడే తేలింది. చిక్కు ఎక్కడుందో మరిచిపోకముందే రాసేస్తున్నాను.

క. దాంతో ఆ పంపు పిడి తీసేయమని ఆయన స్థానిక అధికారులను ఒప్పించాడు.
చ. కలరా చెడు గాలి వల్ల వస్తుందని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు.
ట. వాటిలో దాదాపు అన్నీ బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపుకు దగ్గర్లోనే ఉన్నాయి.
త. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా విజృంభించింది.
ప. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం ఆ జబ్బు నీళ్ల ద్వారా వస్తుందని వాదించాడు.
య. ఆ వాదన నిజమో కాదో తేల్చడానికి చనిపోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆరా తీశాడు.

మొదటి వాక్యం తేలిగ్గానే దొరికింది. ‘త’ ఒక్కటే వెనక్కి ఏమీ చూపించదు. ‘చ’ కూడా మొదటి వాక్యంలాగే కనిపిస్తుంది గానీ అందులో ‘అప్పటి’ ఉంది. ఎప్పటి అని అడిగితే జవాబుగా 1854 కావాలి. కాబట్టి త, చ.

ఆ తర్వాత ‘ప’. ‘ఆ జబ్బు’ని మాత్రమే చూస్తే ‘ప’ని నేరుగా ‘త’ కింద పెట్టేయొచ్చు, కలరా అక్కడా ఉంది కదా. అడ్డుపడేది ‘మాత్రం’. అందరూ ఒక మాట అంటుంటే వేరే మాట అన్నవాడి పక్కనే ఆ పదం నిలుస్తుంది. ఆ ‘అందరూ’ ఉన్నది ‘చ’లో. పేరుకు బదులు వచ్చే పదాల కంటే ఇలాంటి చిన్న పదాలే ఎక్కువ గట్టి సాక్ష్యమని నా అభిప్రాయం. కానీ, మాత్రం, కూడా, సైతం: ఇవి కనబడితే ముందు వాటి కిందే గీత గీస్తాను.

అసలు చిక్కు ఇక్కడే. ‘ప’లో జాన్ స్నో పేరు వచ్చింది, ‘క’లో ‘ఆయన’ ఉంది. పేరు వెంటనే సర్వనామం రావాలని చాలా గైడుల్లో రాసి ఉంటుంది. ఆ సూత్రం పట్టుకుంటే ప, క జత కుదిరినట్టే అనిపిస్తుంది. పైగా పక్కనున్న ‘య’లో ‘ఆయన’ లేదు, కర్తే లేదు. అందుకే చూపు దాని మీదకు పోదు.

ఆ సూత్రం సగమే నిజం. సర్వనామం పేరు తర్వాత రావాలి, అంతే. వెంటనే రావాలన్న నియమం లేదు. మధ్యలో ఇంకో మగమనిషి రానంతవరకు ‘ఆయన’ రెండు మూడు వాక్యాల అవతలి పేరునైనా అందుకుంటుంది. ‘ఆ పంపు’ సంగతి అలా కాదు, ‘ప’ వెంటనే అది నిలవదు. ‘ఏ పంపు?’ అని అడిగి చూడండి. ‘ప’ దాకా ఎక్కడా పంపు లేదు. అది మొదటిసారి ‘ఒక చేతిపంపు’గా ‘ట’లో వస్తుంది. ‘ఒక’తో వచ్చిన వస్తువే తర్వాత ‘ఆ’ అవుతుంది. కాబట్టి ‘ట’ తర్వాతే ‘క’. ‘దాంతో’ కూడా అదే చెబుతోంది: పిడి తీయించడానికి కారణం ఇళ్లు పంపు దగ్గర ఉండడమే గానీ, ఒక వైద్యుడు వాదించడం కాదు.

ఇక ‘య’. తెలుగులో కర్తను వదిలేసినా క్రియ చివర దాని గుర్తు మిగులుతుంది. ‘తీశాడు’లోని ‘-డు’ ఒక మగమనిషిని అడుగుతోంది. అంటే అదీ సర్వనామమే, కనబడదంతే. ‘ఆ వాదన’ అన్న మాట ‘వాదించాడు’ని పట్టుకుంటుంది కాబట్టి ప, య జత విడదీయలేనిది. ఇంగ్లీషు వాక్యాలకు రాసిన చిట్కాలను తెలుగుకు అలాగే దించేసే పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. నాకు వాటి మీద ఉన్న కోపం అదే. పైగా చివర్లో వరుస ఒక్కటే ఇచ్చి, కారణం ఒక్క ముక్క కూడా రాయరు.

‘ట’లోని ‘వాటిలో’ మనుషులకు చెల్లదు. వైద్యులైతే ‘వారిలో’ అనేవాళ్లు. కాబట్టి అది ‘య’లోని ఇళ్లే. వరుస పూర్తయింది: త, చ, ప, య, ట, క.

జవాబు రాసేముందు నేను చేసే పరీక్ష ఒకటుంది. ప్రతి ‘ఆ’, ‘అది’, ‘వాటి’, ‘దాంతో’ దగ్గర ఆగి, అది చూపించేదాన్ని పై వాక్యాల్లో వేలు పెట్టి చూపిస్తాను. వేలు కిందికి జారితే వరుస తప్పినట్టే. ‘ఈ కింది’ లాంటి ముందుచూపు మాటలకు మాత్రం ఇది వర్తించదు. ‘అయితే’ దగ్గరా జాగ్రత్త కావాలి. ఒకచోట అది ‘కానీ’, ఇంకోచోట ‘అలాగైతే’. దాని బదులు ‘కానీ’ పెట్టి చదివితే ఏదో తెలిసిపోతుంది.