పాచికల నుంచి మెషీన్ల రిపేర్ల దాకా: కన్వల్యూషన్‌తో నా అనుభవం

మా యూనిట్‌లో పెద్ద మెషీన్లు రెండున్నాయి. ఒక్కో మెషీన్‌కు రోజుకు ఎన్ని రిపేర్లు వస్తాయో రిజిస్టర్‌లో రాస్తాం. మెయింటెనెన్స్ చూసే సూపర్‌వైజర్ ఒకరోజు నన్ను అడిగారు: "ఉన్న మెకానిక్‌లు రోజుకు మూడు రిపేర్ల దాకా చూసుకోగలరు. రెండు మెషీన్లకూ కలిపి నాలుగో అయిదో వచ్చే రోజులు ఎన్ని ఉంటాయో లెక్కకట్టి చెప్పగలవా?" విడివిడిగా రెండు సంఖ్యలు ఎలా మారతాయో తెలిసినప్పుడు వాటి మొత్తం ఎలా మారుతుందన్నదే ఈ ప్రశ్న. దీనికి పద్ధతి కన్వల్యూషన్. సూత్రం పుస్తకంలో దొరుకుతుంది. కానీ అందులోని ప్రతి గుర్తూ ఎందుకు అక్కడుందో తెలియకుండా దాన్ని రిజిస్టర్ అంకెల మీద వాడటం నాకిష్టం లేదు. అందుకే ముందు పాచికలతో చేసి చూసుకున్నాను.

రెండు పాచికలు వేస్తే 36 జతలు వస్తాయి, అన్నీ సమానమే. మొత్తం 2 కావడానికి ఒకటే దారి, 7 కావడానికి ఆరు దారులు, 12కు మళ్లీ ఒకటే. ఇది అందరికీ తెలిసిన పట్టికే. నేను మాత్రం రెండు కాగితపు పట్టీలు కత్తిరించుకున్నాను. మొదటి దాని మీద ఎడమ నుంచి కుడికి 1 నుంచి 6 వరకు రాశాను, రెండోదాని మీద తిరగేసి 6 నుంచి 1 వరకు. ఒకదాని కింద ఒకటి పెట్టి, పైన 1 కింద 3 వచ్చేలా జరిపితే పక్కన 2 కింద 2, ఆ పక్కన 3 కింద 1 వస్తాయి. ఎదురెదురుగా ఉన్న ప్రతి జతా 4 అవుతుంది. మిగతా అంకెలు అటూ ఇటూ బయటికి వేలాడుతుంటాయి, వాటికి జోడీ లేదు. ఒక గడి జరిపితే అన్ని జతలూ 5 అవుతాయి, ఇంకో గడి జరిపితే 6.

ఆ వేలాడే ముక్కల్లోనే సూత్రం మొత్తం ఉంది.

```
P(S = s) = Σ P(X = k) · P(Y = s − k)
```

ఇందులో `X` మొదటి పాచిక, `Y` రెండోది, `S` వాటి మొత్తం. `s − k` అంటే తిరగేసిన రెండో పట్టీ. ఒకటి పెరిగేకొద్దీ ఇంకొకటి అంతే తగ్గాలి, అప్పుడే మొత్తం `s` దగ్గర నిలుస్తుంది. ఇక `k` ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడవాలన్నది, రెండు పట్టీలూ ఒకదానిమీద ఒకటి ఎంతమేర పడ్డాయన్నదే. మొత్తం 9 కావాలంటే మొదటి పాచిక 3 కన్నా తక్కువ పడకూడదు, ఎందుకంటే రెండోది 6 దాటదు. చేత్తో లెక్క వేసేవాళ్లు తడబడేది సాధారణంగా ఈ హద్దుల దగ్గరే. అలా జరిగితే వెంటనే పట్టేయొచ్చు కూడా: వచ్చిన సంభావ్యతలన్నీ కూడితే 1 రాదు.

మూడో పాచిక కలిపినప్పుడు ఈ పద్ధతి అసలు బలం కనిపించింది. 216 ఫలితాలు రాయక్కర్లేదు. రెండు పాచికల మొత్తానికి వచ్చిన దారుల లెక్క 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1 ను ఒక పట్టీగా తీసుకున్నాను. రెండోది ఆరు ఒకట్లున్న పట్టీ. దాన్ని జరుపుతూ పోవడమంటే వరసగా ఆరేసి అంకెలు కూడుతూ పోవడమే. మొత్తం 9కి 2+3+4+5+6+5, అంటే 25. ఒక గడి జరిపితే ఎడమవైపు 2 జారిపోయి కుడివైపు 4 చేరుతుంది. కాబట్టి 10కి 27.

ఈ 25, 27 చిన్న విషయం కాదు. 17వ శతాబ్దంలో గెలీలియో ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే. మూడు పాచికలతో 9ని ఆరు రకాలుగా రాయొచ్చు, 10నీ ఆరు రకాలుగానే రాయొచ్చు. అయినా జూదగాళ్ల అనుభవంలో 10 కాస్త ఎక్కువగా పడుతోంది. ఎందుకు? ఆయన ఇచ్చిన వివరణ వరస మార్పుల గురించి: 1-2-6ను ఆరు వరసల్లో వేయొచ్చు, 3-3-3 మాత్రం ఒక్క విధంగానే పడుతుంది. కన్వల్యూషన్‌తో చేస్తే ఆ తేడా విడిగా ఆలోచించే అవసరం లేకుండానే లెక్కలో కలిసి వస్తుంది, ఎందుకంటే ఏ పాచిక ఎంత పడిందో ఇక్కడ మొదటి నుంచీ విడిగానే ఉంటుంది. రెండు ఫలితాల మధ్య తేడా 216లో 2 మాత్రమే, ఒక శాతం కూడా లేదు. ఆటలో అంత సన్నటి తేడాను కనిపెట్టారంటే వాళ్లు ఎంతకాలం ఆడి ఉంటారో!

పాచికల దగ్గర ఆరు ముఖాలకూ సమాన అవకాశం కాబట్టి దారులు లెక్కపెడితే సరిపోయింది. మెషీన్ల రిపేర్లకు అలా కుదరదు, ఎదురెదురు సంభావ్యతలను గుణించి కూడాలి. మిగతా పని మారదు. రిజిస్టర్ అంకెలను చదవడానికి తేలికగా ఉండేలా ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. మొదటి మెషీన్‌కు రోజుకు 0, 1, 2, 3 రిపేర్లు వచ్చే సంభావ్యతలు 0.50, 0.30, 0.15, 0.05. రెండోదానికి 0, 1, 2 రిపేర్లకు 0.60, 0.30, 0.10.

మొత్తం 2 రిపేర్లు కావాలంటే మూడు జతలున్నాయి. సున్నా, రెండు: 0.50 × 0.10 = 0.05. ఒకటి, ఒకటి: 0.30 × 0.30 = 0.09. రెండు, సున్నా: 0.15 × 0.60 = 0.09. కూడితే 0.23. మిగతావీ ఇలాగే చేసి, తర్వాత కంప్యూటర్‌లో సరిచూసుకున్నాను.

```python
import numpy as np
x = np.array([0.50, 0.30, 0.15, 0.05])
y = np.array([0.60, 0.30, 0.10])
z = np.convolve(x, y)
print(z, z.sum())
```

0 నుంచి 5 వరకు 0.30, 0.33, 0.23, 0.105, 0.03, 0.005 వచ్చాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. `np.convolve`కు అంకెల అర్థం తెలియదు, వరస మాత్రమే తెలుసు. ఇక్కడ రెండు జాబితాలూ 0 నుంచి మొదలయ్యాయి కాబట్టి ఫలితంలో మొదటి గడి 0 రిపేర్లే. పాచికలను 1 నుంచి 6 వరకు ఆరు గడులుగా ఇస్తే మాత్రం ఫలితంలో మొదటి గడి మొత్తం 2ది అవుతుంది. జాబితా ముందు ఒక సున్నా పెట్టి ఏడు గడులు చేస్తే, 0 నుంచి లెక్కపెట్టే గడి నంబరు, మొత్తం రెండూ ఒకటే అవుతాయి. నాకు అదే హాయిగా ఉంటుంది.

ఈ లెక్క ప్రకారం నాలుగు గానీ అంతకు మించి గానీ రిపేర్లు వచ్చే సంభావ్యత 0.035. అంటే సుమారు 29 రోజులకు ఒకసారి. దగ్గరి దారిలోనూ చూశాను. ఇలా అప్పుడప్పుడూ వచ్చిపడే ఘటనల లెక్కకు, సగటు ఒక్కటి తెలిస్తే చాలు, పాయిజాన్ అనే సంభావ్యతల పట్టిక వాడతారు. రెండు స్వతంత్ర పాయిజాన్ సంఖ్యలను కూడితే మళ్లీ పాయిజానే వస్తుంది, సగటులు కూడితే చాలు. మన సగటులు 0.75, 0.50. మొత్తం 1.25 సగటుతో పాయిజాన్ తీసుకుంటే నాలుగూ ఆపైన 0.038 వస్తుంది. రెండు దారులూ దాదాపు ఒకే చోటికి చేరాయి. కానీ ఈ పొందిక చూసి ధైర్యపడకూడదు. రెండు లెక్కలూ ఒకే ఊహ మీద నిలబడ్డాయి: ఒక మెషీన్‌కు ఏమైనా రెండోదానికి సంబంధం లేదన్న ఊహ.

ఆ ఊహను పరీక్షించడానికి సగటు పనికిరాదు. స్వతంత్రమైనా కాకపోయినా సగటులు కూడుకుంటాయి. విస్తృతి, అంటే వేరియన్స్, అలా కాదు. సంబంధం లేనప్పుడే అది మామూలుగా కూడుకుంటుంది. మొదటి మెషీన్‌ది 0.7875, రెండోదానిది 0.45, కలిపి 1.2375 రావాలి. రిజిస్టర్‌లో రోజువారీ మొత్తాలను నేరుగా తీసుకుని లెక్కిస్తే దాదాపు 1.84 వచ్చింది. కొద్దిగా ఎక్కువైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు, ఇది సగం మేర ఎక్కువ. రెండు మెషీన్లూ కలిసి మొరాయిస్తున్న రోజులున్నాయన్నమాట.

ఆ రోజుల ఎంట్రీలు పక్కపక్కన పెట్టి చూస్తే కారణం రిమార్కుల కాలమ్‌లోనే ఉంది: "కరెంటు పోయి వచ్చింది", "వోల్టేజ్ లో". అయిదు రోజుల్లో ఒకటి అలాంటిది. వోల్టేజ్ దెబ్బ రెండు మెషీన్లకూ ఒకేసారి తగులుతుంది.

అలాగని కన్వల్యూషన్‌ను పక్కన పెట్టాల్సిన పని లేదు. రోజులను రెండు గుంపులుగా విడదీశాను. ఒక్కో గుంపు లోపల రెండు మెషీన్ల మధ్య చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు, కాబట్టి అక్కడ గుణించి కూడటం న్యాయమే. మామూలు రోజుల్లో మొదటిదానికి 0.625, 0.30, 0.075, రెండోదానికి 0.75, 0.25. వీటి కన్వల్యూషన్‌లో మొత్తం 3 దాటదు, ఆ 3 కూడా 0.01875 మాత్రమే. కరెంటు ఇబ్బంది ఉన్న రోజుల్లో ఏ మెషీనూ రిపేరు లేకుండా గడవలేదు: మొదటిదానికి 1, 2, 3 రిపేర్లకు 0.30, 0.45, 0.25, రెండోదానికి 1, 2 రిపేర్లకు చెరి సగం. ఇక్కడ మొత్తం 4 కావడం 0.35, 5 కావడం 0.125.

చివర రెండు ఫలితాలనూ 0.8, 0.2 బరువులతో కలపాలి. కలపాల్సింది కన్వల్యూషన్ అయ్యాకే. ముందే కలిపితే మళ్లీ మొదటి జాబితాలే వస్తాయి, సంబంధం మాయమవుతుంది. ఇలా చేస్తే నాలుగూ ఆపైన 0.2 × 0.475 = 0.095. మొదటి లెక్కలో వచ్చిన 0.035కు ఇది దాదాపు మూడింతలు. సగటు 1.25గానే ఉంది, విస్తృతి 1.8375కు చేరి రిజిస్టర్‌తో సరిపోయింది. ఈ ఫలితం ఎంతవరకు నమ్మొచ్చో తోక భాగం చెబుతుంది: కరెంటు ఇబ్బంది రోజులు తక్కువ కాబట్టి, ఆ 0.125 లాంటి అంకెల వెనక ఉన్న రికార్డూ తక్కువే. కొత్త నెలల ఎంట్రీలు చేరేకొద్దీ వాటిని మళ్లీ లెక్కకట్టాలి.

సూపర్‌వైజర్‌కు నేను ఇచ్చిన కాగితంలో రెండు వరసలే ఉన్నాయి. మామూలు రోజుల్లో రిజిస్టర్ ప్రకారం నాలుగు రిపేర్లు రావు, ఉన్న మెకానిక్‌లు చాలు. కరెంటు పోయి వచ్చిన రోజు మాత్రం నాలుగూ ఆపైన రావడానికి 0.475, అంటే దాదాపు సగానికి సగం అవకాశం. అదనపు మనిషిని ఆ రోజున పిలిస్తే సరిపోతుంది.