ఫొటో పోయింది, సీసా మిగిలింది

బాబు జ్వరం సిరప్ లేబుల్ ఫొటో అక్క పంపిన చాట్‌లో మెసేజ్‌లు వారానికి వాటంతటవే చెరిగిపోతాయని నాకు గుర్తే లేదు. రాత్రి మళ్లీ జ్వరం వచ్చేసరికి ఫొటో లేదు, నా తలలో మాత్రం "పారాసెటమాల్, ఐదు ఎంఎల్" అని ఉంది. అదే ఇచ్చేసేవాణ్ణి.

అక్కకి ఫోన్ చేసి సీసా తీసుకొచ్చి చదవమన్నాను, నేను టైప్ చేశాను. పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్నగా ఉండే మందు పేరు ముందు. తర్వాత బలం. ఆమె "250" అని ఆగింది. దేనికి 250 అని అడిగితే, "ప్రతి 5 ఎంఎల్‌లో 250 ఎంజీ" అంది. మా ఇంట్లో ఉన్న సీసా 5 ఎంఎల్‌కి 120 ఎంజీ. పేరు ఒకటే, చెంచా ఒకటే, మందు మాత్రం రెట్టింపు పైనే! ఎంజీ అంటే మందు బరువు, ఎంఎల్ అంటే ద్రవం కొలత, ఈ రెండూ పక్కపక్కన లేకపోతే ఆ అంకెకి అర్థమే లేదు.

ఎన్నిసార్లు, ఎన్ని గంటల తేడాతో ఇవ్వాలో కూడా లేబుల్‌లో ఉన్న మాటల్లోనే రాశాను. చివర్లో నేను చదివాను, అక్క సీసా చూస్తూ సరిచూసింది. బాబు బరువు చెప్పి మోతాదు ఫార్మసిస్ట్‌ని అడిగాకే ఇచ్చాం.

ఆ నోట్ ఇప్పుడు ఇద్దరి ఫోన్లలోనూ ఉంది, సీసా గడువు తేదీతో సహా.