అనుమతి పత్రంలో ఒక్క వాక్యం

ఈ రోజు సాయంత్రమంతా ఒక ఉత్తరంతోనే గడిచింది. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా బడి పిల్లలు కాగితపు బొమ్మలతో రెండు నిమిషాల యానిమేషన్ తీస్తున్నారు. అందులో పద్నాలుగు మంది గొంతులు రికార్డు చేయడానికి తల్లిదండ్రుల అనుమతి కోరే ఉత్తరం రాసే పని నాకు పడింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా చదువు మాత్రం ఒడియాలో సాగినవారు వారిలో చాలామంది కనుక, కాగితానికి ఒక పక్క తెలుగు, మరో పక్క ఒడియా పెట్టాను.

మొదటి చిత్తులో "పాఠశాల అవసరాలకు వాడుకుంటాము" అని రాశాను. కూతురిని తీసుకువెళ్లడానికి వచ్చిన ఒక తల్లికి అది చదివి వినిపిస్తే, "మా గుంట గొంతు అందరి ఫోన్లలోకీ ఎల్తాదేటి మేస్టారూ?" అని అడిగింది. నా వాక్యంలో దానికి జవాబు లేదు. అందుచేత ఒక్క సంతకం స్థానంలో రెండు గడులు పెట్టాను: వార్షికోత్సవంలో చూపడానికి ఒకటి, వాట్సాప్‌లోనో యూట్యూబ్‌లోనో పెట్టడానికి మరొకటి. మొదటిదానికి సరేనని, రెండోదానికి వద్దని చెప్పే వీలుండాలి. ఉత్తరం తిరిగి రాకపోతే దానిని అంగీకారంగా తీసుకోబోమని కూడా రాశాను.

అసలు చిక్కు ఉపసంహరణ దగ్గర వచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. ఇచ్చినంత తేలికగా దానిని వెనక్కి తీసుకోగలగాలనీ అంటుంది. "ఎప్పుడైనా మానుకోవచ్చు" అని రాసేయడం సులువే. కానీ యానిమేషన్‌లో ముందు గొంతు, ఆ తరువాతే బొమ్మ. మాట పొడవును బట్టి నోరు కదుపుతాము. సెకనుకు 12 ఫొటోల చొప్పున రెండు నిమిషాలకు 1,440 ఫొటోలు తీశాక ఒక గొంతు తొలగిస్తే, మరొకరు అదే మాటను అంతే సేపట్లో పలకాలి. పిల్లలందరినీ ఒకే మైకు ముందు నిలబెట్టి రికార్డు చేసి ఉంటే, అందులోంచి ఒక్కరి గొంతును శుభ్రంగా తీయడం దాదాపు అసాధ్యం.

కాబట్టి ఉత్తరంలో ఇచ్చిన మాట కోసం రికార్డింగు పద్ధతినే మార్చవలసి వచ్చింది. ఒక్కొక్కరి మాటలను విడివిడి ఫైళ్లుగా భద్రపరుస్తాము. ఫొటోలు తీయడం మొదలయ్యే తేదీని ఉత్తరంలోనే తెలిపి, అంతకుముందు చెబితే ఫైలు తుడిచివేస్తామని, తరువాత చెబితే గొంతు మార్చి మళ్లీ కూర్చుతామని, ఇతరుల ఫోన్లలోకి వెళ్లిపోయిన ప్రతిని మాత్రం వెనక్కి తేలేమని ఉన్నదున్నట్టు రాశాను. ఈ చివరి మాట ఉత్తరానికి అందం తేదు, అయినా తీసివేయలేదు.

అనుమతి రాని పిల్లలకు అడుగుల చప్పుడు, వాన చప్పుడు చేసే పని ఉంది. కాకి బొమ్మకు గొంతు ఇవ్వవలసిన పిల్లవాడి ఇంటి నుంచి కాగితం రాకపోతే "కావ్" మని ఎవరు అరవాలో ఇంకా తేలలేదు.