పక్కన H అని ఉందట

"అక్కా, లింఫోసైట్స్ 44, పక్కన H అని ఉంది, ఏమైనా ప్రమాదమా?" పొద్దున్నే తమ్ముడు రక్తపరీక్ష రిపోర్ట్ ఫొటో పంపాడు. రేంజ్ కాలమ్ సగం తెగిపోయింది, కాగితమంతా కనిపించేలా మళ్లీ తీయమన్నాను.

రేంజ్ 20–40. H అంటే ఆ పై హద్దు దాటిందని మాత్రమే, జబ్బు పేరు కాదు. సాధారణంగా ఆరోగ్యవంతుల్లో నూటికి 95 మంది లోపల ఉండేలా హద్దులు గీస్తారు, మిగతా ఐదుగురు ఏ జబ్బూ లేకుండానే వాటి బయట ఉంటారు.

పైగా 44 అనేది తెల్లకణాల్లో లింఫోసైట్స్ శాతం. మొత్తం తెల్లకణాలు 6,000, అందులో 44 శాతం అంటే 2,640. కింద అసలు సంఖ్య చెప్పే అబ్సల్యూట్ కౌంట్ వరసలో అదే అంకె ఉంది, దాని రేంజ్ 1,000–3,000, అక్కడ H లేదు. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాల వాటా తగ్గినా లింఫోసైట్స్ శాతం పెరిగినట్టే కనిపిస్తుంది.

"అయితే ఏమీ లేనట్టేగా?" అన్నాడు. అది నేను చెప్పలేను నాన్నా, కాగితం డాక్టర్‌కి చూపించు అన్నాను.