కాలిఫోర్నియా డ్రైవింగ్ టెస్ట్ ప్రాక్టీస్: స్టాప్ సైన్, కుడి మలుపు

శనివారం. ఫ్రీమాంట్‌లో మా ఇంటి చుట్టుపక్కల వీధులే తిరిగాం. బావ పక్క సీట్లో ఉన్నాడు. హైదరాబాద్‌లో ఎన్నేళ్లు నడిపినా, ఇక్కడ పర్మిట్ మీద నడపాలంటే పక్కన ఇక్కడి లైసెన్స్ ఉన్నవాళ్లు ఉండాల్సిందే.

ఎగ్జామినర్ రోడ్డు మీద చిన్న తప్పులు 15 దాకా చూసీచూడనట్టు వదిలేస్తాడు. ఇంకో రకం తప్పులు మాత్రం ఒక్కటి చేసినా చాలు, ఫెయిలే. స్టాప్ సైన్ దగ్గర ఆగకపోవడం, టైరు రోడ్డు అంచు ఎక్కడం, ప్రమాదం తప్పించడానికి ఆయనే కలగజేసుకోవాల్సి రావడం అలాంటివి. స్పీడ్ పరిమితి కన్నా 10 మైళ్లు ఎక్కువైనా అంతే. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు 10 మైళ్లు తక్కువ వెళ్లినా అంతే! భయపడి 40 రోడ్డులో 28తో పాకేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

స్టాప్ సైన్ దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాలి. బ్రేకు వేశాక కారు ముందుకు వంగి మళ్లీ వెనక్కి సర్దుకుంటుంది. ఆ చిన్న కుదుపు తెలిసేదాకా కాలు తీయకూడదు. కారు బంపర్ రోడ్డు మీద ఆగాల్సిన గీతని దాటకూడదు. చెట్టో, పార్క్ చేసిన వ్యానో అడ్డమొచ్చి పక్క రోడ్డు కనబడకపోతే, ముందు గీత దగ్గర ఆగి, తర్వాత మెల్లగా కొంచెం జరిగి చూడాలి. జరిగాక ఒకసారి ఆగితే సరిపోతుందిలే అనుకోకూడదు.

ఆదివారం. సైకిల్ లేన్ ఉన్న రోడ్డులో కుడి మలుపు. ఇండికేటర్ కనీసం 100 అడుగుల ముందే వేయాలి. అద్దం చూసి, కుడి భుజం మీదుగా తల తిప్పి, సైకిలేమీ రాకపోతే మలుపుకి 200 అడుగుల లోపల సైకిల్ లేన్‌లోకి జరగాలి. సైకిల్ వస్తుంటే దాన్ని పోనిచ్చి వెనకాల వెళ్లాలి. రెడ్ ఉంటే పూర్తిగా ఆగి, వద్దన్న బోర్డు లేకపోతే, దారి చూసుకుని తిరగొచ్చు. తిరిగాక కుడి అంచు లేన్‌లోకే రావాలి.

నేను కళ్లతో మాత్రమే చూస్తున్నానని బావ గోల. "నువ్వు చూశావని ఎగ్జామినర్‌కెలా తెలుస్తుంది రా? తల తిప్పు!" నిజమే, రివర్స్‌లోనూ అంతే. రోడ్డు అంచు వెంట మూడు కార్ల పొడవు తిన్నగా వెనక్కి పోవాలి. తెర మీద కెమెరా చూస్తూ కూర్చోకుండా తల తిప్పి కారు వెనక కిటికీలోంచి చూడాలి. కంగారులో వచ్చే ఇంకో అలవాటు, నాలుగు రోడ్ల కూడలిలో నా వంతు వచ్చినా "మీరు వెళ్లండి" అని చెయ్యూపడం. అక్కడ మర్యాద చూపిస్తే ఎవరు కదలాలో తెలియక అందరూ నిలబడిపోతారు.

వచ్చే వారం చేతి సైగలు, ఇంకా రివర్స్. బావ కారులో అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫ్రాస్టర్ బటన్ ఎక్కడుందో కూడా చూసుకోవాలి. కారు కదలకముందే దాన్ని చూపించమంటారు.